యూనిఫాం ఆర్డరు మధ్యలో రద్దయితే ఏ నష్టం అడగాలి: రావలసిన లాభమా, పెట్టిన ఖర్చా?

ప్రశ్న: మాది ఏలూరులో చిన్న కుట్టు యూనిట్. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు లోగోతో 4,000 జతల యూనిఫాం, జత ₹700 చొప్పున ఆర్డరు ఇచ్చి ₹3 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. వెయ్యి జతలు కుట్టాక స్కూలు వాళ్లు, ఆర్డరు వేరే వాళ్లకు ఇచ్చేశామని, మీది వద్దని అన్నారు. అప్పటికి గుడ్డ మొత్తానికి ₹15.20 లక్షలు, వెయ్యి జతల కుట్టుకూలికి ₹1.30 లక్షలు, దారం, గుండీలు, ఎంబ్రాయిడరీకి ₹40 వేలు, ఈ ఆర్డరు కోసమే తెచ్చిన మెషీన్ల అద్దెకు ₹60 వేలు, ఆర్డరుకు ముందు శాంపిళ్లకు ₹20 వేలు అయ్యాయి. మిగతా 3,000 జతలు కుట్టడానికి జతకు ₹170, పంపడానికి ₹20 వేలు అయ్యేది. మిగిలిన గుడ్డను ₹8 లక్షలకు, కుట్టినవాటిని లోగో ఊడదీసి లక్షకు అమ్మేశాం. మా లాయరు గారు ఎక్స్‌పెక్టేషన్ డ్యామేజెస్ అడుగుదామా, రిలయన్స్ డ్యామేజెస్ అడుగుదామా అంటున్నారు. తేడా ఏమిటి? రెండూ కలిపి అడగకూడదా?

జవాబు:

మీరిచ్చిన అంకెల ప్రకారం ఎక్స్‌పెక్టేషన్ లెక్కలో మీకు రావలసింది ₹10,70,000. రిలయన్స్ లెక్కలో ₹5,70,000. మధ్యలో ఉన్న ₹5,00,000 ఈ ఆర్డరు పూర్తయి ఉంటే మీకు మిగిలే లాభం. ఆ లాభాన్ని కాగితాలతో రుజువు చేయగలిగితే మొదటి లెక్కనే అడగండి. రెండోదాన్ని దావాలో ప్రత్యామ్నాయ ప్రార్థనగా, అంటే మొదటిది ఒప్పుకోకపోతే ఇదైనా ఇప్పించమని, పెట్టించండి. రెండు మొత్తాలనూ కూడి ₹16,40,000 అడగడం మాత్రం కుదరదు. ఎందుకు కుదరదో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 ఈ రెండు పేర్లనూ ఎక్కడా వాడలేదు. ఉల్లంఘన వల్ల మామూలుగా కలిగే నష్టానికీ, అలాంటి నష్టం కలగవచ్చునని ఒప్పందం చేసుకునేటప్పుడే ఇరుపక్షాలకూ తెలిసిన నష్టానికీ పరిహారం ఇవ్వాలనీ, దూరపు నష్టానికీ పరోక్ష నష్టానికీ ఇవ్వనక్కరలేదనీ మాత్రమే అది చెబుతుంది. ఆ నష్టాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న దానికి జవాబు ఇంగ్లండులో 1848 నాటి రాబిన్సన్ వర్సెస్ హార్మన్ తీర్పులో దొరుకుతుంది. ఒప్పందం నెరవేరి ఉంటే నష్టపోయిన పక్షం ఏ స్థితిలో ఉండేదో, డబ్బు చేయగలిగినంత వరకు ఆ స్థితిలో దాన్ని నిలబెట్టాలని న్యాయమూర్తి బారన్ పార్క్ అందులో అన్నారు. అది ఎక్స్‌పెక్టేషన్ కొలత. రెండో కొలత వెనక్కి చూస్తుంది. అసలు ఈ ఒప్పందమే చేసుకోకపోయి ఉంటే మీ చేతిలో ఎంత ఉండేదో అంతకు మిమ్మల్ని తిరిగి చేర్చడం దాని పని. మాట నమ్మి పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుంది, లాభం రాదు. ఈ రెండింటినీ వేరువేరు ప్రయోజనాలుగా విడదీసి పేర్లు స్థిరపరచినది 1936లో అమెరికాలో లాన్ ఫుల్లర్, విలియం పెర్డ్యూ రాసిన వ్యాసం. మన సుప్రీంకోర్టు కూడా 2017లో కాంచన్ ఉద్యోగ్ వర్సెస్ యునైటెడ్ స్పిరిట్స్ కేసులో ఈ రెండు కొలతలనూ చర్చించి, వాది అప్పీలును తోసిపుచ్చింది. కాబట్టి మీ లాయరు గారు అడిగిన ప్రశ్న పరాయి దేశపు ప్రశ్న కాదు.

ఇక మీ లెక్క. ఆర్డరు మొత్తం విలువ 4,000 జతలకు ₹28,00,000. మీరు ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు గుడ్డ, కూలి, దారం, గుండీలు, ఎంబ్రాయిడరీ, మెషీన్ల అద్దె, శాంపిళ్లు అన్నీ కలిపి ₹17,70,000. పని ఆగిపోవడం వల్ల మీకు తప్పిన ఖర్చు 3,000 జతలకు ₹170 చొప్పున ₹5,10,000, రవాణాకు ₹20,000, వెరసి ₹5,30,000. పూర్తి చేసి ఉంటే మొత్తం ఖర్చు ₹23,00,000 అయ్యేది, లాభం ₹5,00,000 మిగిలేది.

ఎక్స్‌పెక్టేషన్ లెక్కను రెండు దారుల్లో వేయవచ్చు. నేను ఎప్పుడూ రెండూ వేసి చూస్తాను, ఎందుకంటే అవి కలవకపోతే ఎక్కడో ఒక పద్దు రెండుసార్లు పడిందనో, జారిపోయిందనో అప్పుడే తేలిపోతుంది. మొదటి దారిలో ఒప్పందపు ధర ₹28,00,000 దగ్గర మొదలుపెట్టి, తప్పిన ఖర్చు ₹5,30,000, సరుకు అమ్మగా వచ్చిన ₹9,00,000, ఇప్పటికే చేతికొచ్చిన అడ్వాన్సు ₹3,00,000 తీసివేయాలి. మిగిలేది ₹10,70,000. రెండో దారిలో పెట్టిన ఖర్చు ₹17,70,000కు రావలసిన నికర లాభం ₹5,00,000 కలిపి, అందులోంచి అదే ₹9,00,000, అదే ₹3,00,000 తీసివేయాలి. మళ్లీ ₹10,70,000 వస్తుంది. ఈ డబ్బు చేతికొస్తే మీకు అడ్వాన్సు, సరుకు ధర, పరిహారం కలిపి ₹22,70,000 వచ్చినట్టు, ఖర్చు ₹17,70,000 పోను సరిగ్గా ఐదు లక్షలు మిగిలినట్టు. ఆర్డరు సజావుగా పూర్తయినా మీకు మిగిలేది అంతే.

రిలయన్స్ లెక్కలో లాభాన్ని పక్కన పెడతాం. ₹17,70,000 నుంచి ₹9,00,000, ₹3,00,000 పోగా ₹5,70,000. ఇది వస్తే మీరు లాభం లేకుండా, నష్టం లేకుండా, ఆర్డరు రాక ముందు ఎలా ఉన్నారో అలా ఉంటారు.

ఇప్పుడు రెండూ కలిపి అడగడం సంగతి చూద్దాం. పై రెండో దారిలో పెట్టిన ఖర్చు ఉంది, లాభమూ ఉంది. అంటే ఎక్స్‌పెక్టేషన్ మొత్తంలో మీ ఖర్చు ముందే ఇమిడి ఉంది. దాని మీద మళ్లీ ₹5,70,000 అడిగితే అదే గుడ్డ డబ్బును రెండుసార్లు అడిగినట్టవుతుంది. అందుకే అది చెల్లదు. అయితే ఇక్కడ వాదులే కాదు, కొందరు ప్రతివాదుల లాయర్లు కూడా పొరబడే ఒక మలుపు ఉంది. ఖర్చు, లాభం రెండూ ఒకే దావాలో కనిపించగానే ఇది రెండింతల వసూలు అని అభ్యంతరం చెబుతారు. ఖర్చులన్నీ పోగా మిగిలే నికర లాభాన్ని ఖర్చుతో కలిపి అడిగితే రెండింతలు కానే కాదు, అది ఎక్స్‌పెక్టేషన్‌ను ముక్కలుగా చూపడమే. ఖర్చుతో పాటు పూర్తి అమ్మకపు ధరనో, ఖర్చులు తీయని స్థూల రాబడినో అడిగినప్పుడే రెండింతలవుతుంది. మీ దావాలో "పెట్టుబడి ₹17,70,000, ఆర్డరు విలువ ₹28,00,000" అని రెండు పద్దులు పక్కపక్కన పడకుండా చూసుకోండి. అలా పడితే మిగతా లెక్క ఎంత నిజాయితీగా ఉన్నా జడ్జిగారికి మొదటి పేజీలోనే అనుమానం పుడుతుంది.

మీ మెషీన్ల అద్దె ఈ ఆర్డరు కోసమే కట్టినది కాబట్టి అది ఖర్చులో నిలబడుతుంది. మీ షెడ్డు అద్దె, నెల జీతం మీద ఉండే మేస్త్రి జీతం లాంటివి వేరు. అవి ఈ ఆర్డరు ఉన్నా లేకపోయినా మీరు కట్టేవే. కాబట్టి రిలయన్స్ లెక్కలో వాటిని స్కూలు మాట నమ్మి పెట్టిన ఖర్చుగా చూపలేరు. ఎక్స్‌పెక్టేషన్ లెక్కలో వాటి పాత్ర మరోలా ఉంటుంది. పని ఆగినంత మాత్రాన అవి తప్పలేదు గనక వాటిని తప్పిన ఖర్చు కింద ధరలోంచి తీసివేయమని ప్రతివాది అడగలేడు. ఈ ఒక్క అంశం మీదే చాలా కేసుల్లో మొత్తం అటూ ఇటూ అవుతుంది. అలాగే గుడ్డ మీద కట్టిన జీఎస్టీకి మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకొని ఉంటే, మీరిచ్చిన ₹15.20 లక్షలు పన్ను లేని ధరో కాదో చూడండి. క్రెడిట్‌గా తిరిగొచ్చిన పన్ను నష్టం కాదు.

శాంపిళ్ల ₹20,000 గురించి అవతలి పక్షం తప్పక ప్రశ్నిస్తుంది, అది ఆర్డరు ఖాయం కాకముందు పెట్టిన డబ్బు కాబట్టి. మాట ఇవ్వకముందు పెట్టిన ఖర్చు మాట నమ్మి పెట్టినది ఎలా అవుతుందని అడుగుతారు. దీనికి వాది పక్షాన చెప్పే తీర్పు ఇంగ్లండులో 1971 నాటి ఆంగ్లియా టెలివిజన్ వర్సెస్ రీడ్. టీవీ నాటకంలో నటిస్తానని ఒప్పుకున్న అమెరికన్ నటుడు తప్పుకోవడంతో ఆ పని మానుకోవలసి వచ్చిన సంస్థకు, ఒప్పందానికి ముందు పెట్టిన ఖర్చుతో సహా 2,750 పౌండ్లు ఇప్పించారు. తాను తప్పుకుంటే ఆ ఖర్చంతా వృథా అవుతుందని ఆ నటుడికి తెలిసి ఉండాలన్నది లార్డ్ డెన్నింగ్ కారణం. ఇది మన కోర్టులను బంధించే తీర్పు కాదు, ఒప్పించడానికి చూపే తీర్పు. ఎక్స్‌పెక్టేషన్ దారిలో వెళితే ఈ తగవే రాదు. అక్కడ మొదటి దారి లెక్కలో శాంపిళ్ల ఖర్చు విడిగా కనిపించదు, ధరలోనే కలిసిపోయి ఉంటుంది.

లాభం రుజువు కానప్పుడు రిలయన్స్ ఎంత ఆదుకుంటుందో 1951లో ఆస్ట్రేలియా హైకోర్టు ఇచ్చిన మెక్రే తీర్పు చూపిస్తుంది. ప్రభుత్వ సంస్థ ఒకటి పగడపు దిబ్బ మీద చిక్కుకున్న చమురు ఓడ శిథిలాన్ని 285 పౌండ్లకు అమ్మింది. కొన్నవాళ్లు సరంజామా అంతా సమకూర్చుకొని సముద్రంలోకి వెళ్తే అక్కడ ఓడ లేదు, చెప్పిన చోట ఆ దిబ్బే లేదు. లేని ఓడలోంచి ఎంత లాభం వచ్చేదని ఎవరు చెప్పగలరు? కోర్టు లాభం ఇవ్వలేదు. కట్టిన ధర, వృథా అయిన ప్రయాణపు ఖర్చు కలిపి 3,285 పౌండ్లు ఇప్పించింది. మీ సంగతి అలాంటిది కాదు. జత ధర రాసి ఉంది, జతకు ఎంత ఖర్చో వెయ్యి జతలు కుట్టి చూశారు. లాభాన్ని ఊహించనక్కరలేదు, లెక్కకట్టవచ్చు. అందుకే మీకు మొదటి కొలత బలమైనదని అంటున్నాను.

అయితే ఈ సలహా అంతా మీ రేటు లాభసాటిది అన్న దాని మీద నిలబడి ఉంది. ఆర్డరు దక్కించుకోవాలని మీరు జతకు ₹700 బదులు ₹525 వేసి ఉన్నారనుకోండి. అప్పుడు ఆర్డరు విలువ ₹21,00,000, మొత్తం ఖర్చు అదే ₹23,00,000, అంటే పూర్తి చేసినా మీకు రెండు లక్షలు పోయేవి. ఎక్స్‌పెక్టేషన్ లెక్కలో ₹21,00,000 నుంచి ₹5,30,000, ₹9,00,000, ₹3,00,000 పోతే ₹3,70,000 వస్తుంది. రిలయన్స్ లెక్క పైకి మాత్రం ఇంకా ₹5,70,000 చూపిస్తుంది. అంటే నష్టపు బేరం చేసుకున్నవాడికి రిలయన్స్ మేలని అనిపిస్తుంది. కోర్టులు ఈ తలుపు మూసేశాయి. అమెరికాలో 1949 నాటి ఆల్బర్ట్ వర్సెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ రబ్బర్ కేసులో, పాత రబ్బరును తిరిగి వాడకానికి తెచ్చే యంత్రాల కోసం పునాదులు వేసుకున్న కొనుగోలుదారుకు ఆ ఖర్చు రావచ్చునంటూనే, ఒప్పందం నెరవేరినా అతడికి ఎంత నష్టం వచ్చేదో ప్రతివాది రుజువు చేస్తే అంత మేరకు తగ్గించాలని జడ్జి లెర్నెడ్ హ్యాండ్ రాశారు. ఆ సూత్రం ఇక్కడ పెడితే ₹5,70,000లోంచి రెండు లక్షలు పోయి మళ్లీ ₹3,70,000కే వస్తాం. మీ బేరంలోని నష్టాన్ని ఉల్లంఘించినవాడి నెత్తిన వేయడానికి రిలయన్స్ ఉపయోగపడదు.

ఆ సూత్రంలో వాదికి మేలు చేసే ముక్క ఒకటుంది. నష్టం వచ్చేదని రుజువు చేయవలసిన భారం ఉల్లంఘించిన పక్షానిది. ఎక్స్‌పెక్టేషన్‌లో మీ లాభాన్ని మీరు రుజువు చేయాలి. రిలయన్స్‌లో మీ ఖర్చును మీరు రుజువు చేస్తే చాలు, మీది నష్టపు బేరమని వాళ్లు చూపించుకోవాలి. ఆచరణలో ఈ రెండు కొలతల మధ్య అసలు తేడా చాలాసార్లు ఈ రుజువు భారంలోనే ఉంటుంది.

లాభం రుజువు విషయంలో మన సుప్రీంకోర్టు తీర్పులు రెండు దిశల్లో కనిపిస్తాయి. గుజరాత్‌లో ఒక రోడ్డు పని కాంట్రాక్టును ప్రభుత్వం తప్పుగా రద్దు చేసిన ఏ.టి. బ్రిజ్ పాల్ సింగ్ కేసులో, 1984లో, మిగిలిన పని విలువ మీద 15 శాతం లాభంగా ఇప్పించారు. పైసా పైసా రుజువు అడగలేదు. 2023లో యూనిబ్రోస్ వర్సెస్ ఆల్ ఇండియా రేడియో కేసులో మాత్రం, ఆలస్యం వల్ల పోయిన లాభమంటూ సూత్రం ఒక్కటే చూపి సాక్ష్యం చూపని కాంట్రాక్టరుకు ఏమీ దక్కలేదు. ఆ రెండో తీర్పును మనసులో పెట్టుకొని సిద్ధపడండి. 15 శాతం అనే అంకె దానంతట అదే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మీ చేతిలో ఉండవలసినవి: సంతకమైన ఆర్డరు కాగితం, గుడ్డ కొన్న బిల్లులు, కుట్టినవాళ్లకు కూలి ఇచ్చిన పుస్తకం లేదా బ్యాంకు ద్వారా పంపిన వివరాలు, అద్దె రసీదులు. మిగతా జతలకు ₹170 అన్న అంకె మీ లెక్కకు గుండెకాయ లాంటిది. కాబట్టి కుట్టిన వెయ్యి జతలకు అయిన ₹1.30 లక్షల కూలి, ₹40 వేల సామగ్రి ఖర్చును వెయ్యితో భాగించి ఆ ₹170 ఎలా వచ్చిందో ఒక్క పేజీలో చూపించండి. వద్దన్న మాట వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఆ ఫోను మార్చకుండా, మెసేజీ చెరపకుండా ఉంచండి. దాన్ని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి.

మీరు సరుకు అమ్మేశారన్నది మంచిదే. సెక్షన్ 73 వివరణ ప్రకారం ఉల్లంఘన వల్ల కలిగిన ఇబ్బందిని తొలగించుకునే మార్గాలు ఏవి ఉన్నాయో కోర్టు చూస్తుంది. గుడ్డను గోదాములో పాడుచేసుకొని పూర్తి ధర అడిగితే ఒప్పుకోదు. అయితే ₹11,40,000 పెట్టి కొన్న మిగిలిన గుడ్డ ₹8,00,000కే ఎందుకు పోయిందని అవతలివాళ్లు అడుగుతారు. అమ్మే ముందు స్కూలుకు నోటీసు ఇచ్చారా, ఇద్దరు ముగ్గురు వ్యాపారుల దగ్గర ధర అడిగారా అన్నది ఇక్కడ నిర్ణయాత్మకం. ఆ కొటేషన్లు ఉంటే జతపరచండి. లేకపోతే, అప్పట్లో మార్కెట్టు ధర అంతే ఉందని చెప్పగల ఒక గుడ్డల వ్యాపారిని సాక్షిగా పిలవవలసి వస్తుంది. ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది. ఆర్డరు రద్దయ్యాక ఖాళీ అయిన మెషీన్ల మీద వేరే పని తీసుకున్నారా? ఈ ఆర్డరు నడుస్తూ ఉంటే ఆ పని తీసుకోవడం మీకు సాధ్యం కానిదైతే, దాని లాభాన్ని పరిహారంలోంచి తీసివేయాలి. రెండింటినీ చేయగల సామర్థ్యం మీకు ఎలాగూ ఉంటే తీయనక్కరలేదు. నిజం ముందే మీ లాయరు గారికి చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే కోర్టు మీ మిగతా అంకెలను కూడా నమ్మడం మానేస్తుంది.

దావా వేసే ముందు ఆర్డరు కాగితం వెనక వైపు కూడా చదవండి. రద్దు చేస్తే ఇంత మొత్తం అని షరతు ఉంటే ఈ లెక్క సెక్షన్ 74 కిందికి పోతుంది. అక్కడ రాసిన మొత్తాన్ని మించి రాదు, దాని లోపల సమంజసమైన పరిహారమే వస్తుంది. అలాంటి షరతు లేకపోతే ముందు లీగల్ నోటీసులో ₹10,70,000 లెక్కను పద్దుల వారీగా రాసి, వడ్డీ కూడా అడగండి. సరుకు అమ్మకపు ఒప్పందం, విలువ ₹3 లక్షలు దాటింది కాబట్టి ఇది కమర్షియల్ వివాదం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లు కాలపరిమితి. మధ్యవర్తిత్వంలో స్కూలు వాళ్లు ముందుగా ₹5,70,000 దగ్గర నిలబడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఖర్చు కాదనలేనిది. అక్కడి నుంచి పైకి జరిగే బేరమంతా ఆ ఐదు లక్షల లాభం మీదే, జతకు ₹170 అన్న మీ పేజీ మీదే నడుస్తుంది.